ప్రోగ్రెస్ డెక్‌తో పాటు డైరెక్టర్‌కు పంపే కవర్ నోట్: మూడు రిస్కులను ఎట్లా రాయాలి

హనుమకొండలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఏళ్లుగా చెరువు పనులు చూస్తున్నాను. కొత్తగా ప్రాజెక్టు లీడ్ అయినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, డెక్ తయారైంది. దాని మీద డైరెక్టర్‌కు ఏం రాసి పంపాలె?" ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. వరంగల్ ప్రాంతంలో ఒక మండలంలో ఐదు చెరువుల పూడికతీత, కట్ట బలోపేతం, తూముల మరమ్మతు. ఏప్రిల్ 10న పని మొదలైంది, జూన్ 10 నాటికి ముగియాలి. నోట్ పంపేది మే 12 ఉదయం. డైరెక్టర్ మేడమ్ హైదరాబాద్‌లో ఉంటారు. పాఠం కోసం నేను కూర్చిన ఉదాహరణ ఇది. అంకెలు గుండ్రంగా ఉన్నది అందుకే. పని క్రమం మాత్రం మన చెరువుల దగ్గర నిజంగా నడిచేదే.

## 1. రాయడానికి ముందు: ఈ నోట్ దేనికో తేల్చుకోండి

డెక్‌లో పద్దెనిమిది స్లైడ్లు ఉంటాయి. ఏం జరిగిందో అవి చెబుతాయి. ఏం జరగబోతోందని మీరు అనుకుంటున్నారో, అందులో డైరెక్టర్ చేయి ఎక్కడ పడాలో చెప్పాల్సింది నోట్. డెక్‌ను కుదించి రాస్తే నోట్ కాదు. డెక్ చెప్పలేని మాట అందులో ఉండాలి.

నేను ఈ తేడా తెలుసుకున్నది ఒక తప్పు తర్వాతే. ఒక ఏడాది నోట్‌లో "పనులు అనుకున్న ప్రకారం సాగుతున్నాయి, వివరాలు జత చేశాను" అని రెండు ముక్కలు రాసి పంపాను. కట్ట కోసి తూము కడుతున్నామనీ, వానలోపు పూడ్చలేకపోవచ్చనీ పద్నాలుగో స్లైడ్‌లో ఉంది. మా డైరెక్టర్ ఆ రోజు ప్రయాణంలో ఉండి ఫోన్‌లో నోట్ మాత్రమే చదివారు. జూన్ మొదటి వారంలో వాన పడేసరికి కట్ట ఇంకా తెరిచే ఉంది. ఆ ఏడు చెరువులో నీళ్లు నిలవలేదు. స్లైడ్‌లో రాశాను కదా అన్న మాట రైతుల ముందు నాకే చిన్నగా వినిపించింది.

అందుకే మొదట ఒక కాగితం మీద ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి:

- డెక్ తెరవకుండా ఈ నోట్ ఒక్కటే చదివితే డైరెక్టర్‌కు ఏం తెలియాలి?
- ఆమె ఏ తేదీలోగా ఏం చేయాలి?
- ఆమె ఏమీ చేయకపోతే నేను ఏం చేస్తాను?

మూడో ప్రశ్నకు జవాబు లేకుండా రాయడం మొదలుపెట్టకండి. జవాబు రాకపోవడం కూడా జరుగుతుంది. ఆ రోజుకు మీ దగ్గర దారి ఉండాలి.

## 2. అంకెలను ముందే విప్పి చూడండి

ఇంజినీరునూ అకౌంటెంట్‌నూ చెరో పక్క కూర్చోబెట్టుకుని ఒక గంట ఈ పని చేయండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ విలువైన గంట ఇదే.

మన ఉదాహరణలో డెక్ రెండో స్లైడ్ ఇట్లా ఉంది: "పని 55 శాతం పూర్తి. ఖర్చు 40 శాతం." చూసినవాళ్లు సంతోషిస్తారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ పని అయిందనిపిస్తుంది. ఇప్పుడు రెండు అంకెలనూ విప్పుదాం.

పని అంకె. మొత్తం పూడిక 60,000 క్యూబిక్ మీటర్లు. మే 11 సాయంత్రానికి తీసింది 33,000. అది 55 శాతమే, నిజమే. 62 రోజుల్లో 32 రోజులు గడిచాయి. రోజుకు సగటున వెయ్యికి పైగా తీశారు. మిగిలిన 30 రోజుల్లో 27,000 తీయాలి, అంటే రోజుకు 900 చాలు. పూడిక విషయంలో భయం లేదు.

అయితే ఆ 55 శాతం పూడికకు సంబంధించింది మాత్రమే. తూముల పని అందులో లేదు. ఒక చెరువులో పూడిక తీస్తుండగా పాత తూము గొట్టం పగిలి కనిపించింది. పరిమాణంలో అది చిన్న పని, శాతాల్లో అసలు కనబడదు. చెరువు నిలవాలా వద్దా అన్నది మాత్రం దాని మీదే ఉంది. పెద్ద పని శాతం వెనక కీలకమైన చిన్న పని దాక్కోవడం ప్రోగ్రెస్ డెక్‌లలో నేను ఎక్కువగా చూసిన లోపం.

ఖర్చు అంకె. మొత్తం బడ్జెట్ 90 లక్షలు. ఇప్పటిదాకా చెల్లించింది 36 లక్షలు. మా అకౌంటెంట్‌ను "బిల్లులన్నీ కట్టినమా?" అని అడిగితే, "లేదన్నా, ప్రొక్లెయిన్లవి, డీజిల్‌వి ఇంకో 9 లక్షలు ఉన్నయ్. కట్టినవే చూపెట్టిన" అన్నాడు. అంటే నిజంగా అయిన ఖర్చు 45 లక్షలు, సగం బడ్జెట్. 40 శాతం అన్నది అబద్ధం కాదు, కానీ సగం నిజం.

మొదటి విడతగా వచ్చింది 54 లక్షలు. అందులో 45 పోతే చేతిలో మిగిలింది 9 లక్షలు. రోజు ఖర్చు సుమారు లక్షా నలభై వేలు. ఆరు రోజులకు మించి రాదు, మే 18కి ఖజానా ఖాళీ. రెండో స్లైడ్ చూసి సంతోషించిన డైరెక్టర్‌కు ఈ మాట ఎవరు చెప్పాలి? మీరే, నోట్‌లో.

తనిఖీ జాబితా:

- ప్రతి శాతం పక్కన "దేనిలో శాతం?" అని రాసి ఉందా
- అంకెలన్నీ ఒకే తేదీ నాటివేనా (ఇక్కడ మే 11 సాయంత్రం)
- చెల్లించిన ఖర్చు, చెల్లించాల్సిన బిల్లులు విడివిడిగా ఉన్నాయా
- గడిచిన కాలం శాతం, పని శాతం పక్కపక్కన పెట్టి చూశారా
- శాతాల్లో కనబడని కీలకమైన పని ఏదైనా ఉందా
- నోట్‌లో రాసే ప్రతి అంకె డెక్‌లో అదే రూపంలో ఉందా

చివరిది తప్పితే మొత్తం నోట్ మీద నమ్మకం పోతుంది. నోట్‌లో 45 లక్షలనీ, డెక్‌లో 36 అనీ ఉంటే డైరెక్టర్ రిస్కులను పక్కన పెట్టి ఆ తొమ్మిది లక్షల గురించి అడుగుతారు. ముందు డెక్‌ను సరిచేసి, తర్వాత నోట్ రాయండి.

## 3. పదిలో మూడింటిని ఏరడం

బృందాన్ని అడిగితే పది రిస్కులు వస్తాయి. మా ఉదాహరణలో వచ్చినవి: తూము పగలడం, డబ్బు అయిపోవడం, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి మీద వివాదం, వడదెబ్బ, ట్రాక్టర్లు దొరకకపోవడం, డీజిల్ ధర, పూడిక మట్టిని రైతులు తీసుకుపోకపోవడం, అకాల వాన, ఇద్దరు ఆపరేటర్లు మానేయడం, ఫొటోల రికార్డు సరిగా లేకపోవడం.

అన్నీ నిజమైనవే. కానీ అన్నీ డైరెక్టర్‌కు చెప్పాల్సినవి కావు. నేను రెండు జల్లెడలు వాడతాను.

మొదటి జల్లెడ: దీన్ని ఆపడానికి డైరెక్టర్ సంతకమో, మాటో, డబ్బో కావాలా? వడదెబ్బ భయానికి పని వేళలు పొద్దున ఐదు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు తర్వాతకు మార్చాం. అది లీడ్ స్థాయిలో తీరిపోయింది. ఆపరేటర్ల సంగతీ అంతే. వీటిని డెక్‌లో ఉంచండి, నోట్‌లోకి తేకండి.

రెండో జల్లెడ: వచ్చే రిపోర్టు లోపు దీని గడువు దాటిపోతుందా? మట్టిని రైతులు తీసుకుపోవడం ఆగేది తొలకరి పడి పత్తి గింజలు పెట్టే రోజుల్లో, అంటే మిరుగం వచ్చాక. మే చివరి రిపోర్టులో చెప్పినా ఆలస్యం కాదు. తూము సంగతి అట్లా కాదు.

రెండూ దాటి నిలిచినవి మూడు: తూము, రెండో విడత డబ్బు, శిఖం సర్వే. మీ జల్లెడలో రెండే మిగిలితే రెండే రాయండి. మూడు నింపాలని ఒక బలహీనమైనది చేర్చితే మిగతా రెండింటి బరువూ తగ్గుతుంది. నాలుగు మిగిలితే, నాలుగింటికీ నిజంగా ఈ వారమే ఆమె నిర్ణయం కావాలా అని మళ్లీ అడగండి. కావాలంటే నోట్ చాలదు, ఫోన్ చేయండి.

ఇంకో మాట. జరిగిపోయినదాన్ని రిస్క్ అనకండి. తూము పగలడం జరిగిపోయింది, అది సమస్య. పగిలిన తూమును వానలోపు కట్టలేకపోవడం రిస్క్. ఈ రెండూ కలిపేస్తే చదివేవారికి తాము ఏం ఆపగలరో అర్థం కాదు.

## 4. ఒక్కో రిస్క్‌ను ఐదు ముక్కల్లో రాయడం

ప్రతి రిస్క్‌కూ ఇదే క్రమం: కారణం, ఏం జరగవచ్చు, ఎవరికి ఎంత నష్టం, మేం ఏం చేస్తున్నాం, మీ నుంచి ఏం ఏ తేదీలోగా కావాలి. ముందు ఐదింటినీ విడివిడిగా రాసుకుని, తర్వాత మూడు నాలుగు వాక్యాల్లోకి కుదించండి.

తూముతో చూద్దాం. ముందు పని రోజులు లెక్కపెట్టాలి. కట్ట కోసి పాత గొట్టం తీయడానికి 4 రోజులు. పునాది, కొత్త గొట్టం చుట్టూ కాంక్రీటు 5 రోజులు. ఎండాకాలం కాబట్టి తడపడం కనీసం 10 రోజులు. ఆ తర్వాత మట్టిని పొరలు పొరలుగా పోసి రోలర్‌తో తొక్కించి కట్టను మూయడానికి 7 రోజులు. మొత్తం 26.

మే 15న మొదలుపెడితే జూన్ 9న ముగుస్తుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారంలో మన దగ్గరికి వస్తాయి. కాబట్టి మొదలుపెట్టడానికి చివరి రోజు మే 15, డైరెక్టర్ నిర్ణయానికి చివరి రోజు మే 14. ఈ తేదీ మన ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు, వెనక నుంచి లెక్కపెడితే తేలింది. గడువు ఎట్లా వచ్చిందో ఒక్క వాక్యంలో చెబితే డైరెక్టర్ దాన్ని గడువుగా తీసుకుంటారు. లెక్క లేకుండా "అత్యవసరం" అంటే ఎవరికీ తొందర కలగదు.

తడిపే పది రోజుల్లో రెండు తగ్గించి కాలం కలుపుకుందామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోకండి. కాంక్రీటుకు పూర్తి బలం 28 రోజులకు గానీ లెక్కించరు. పది రోజులు తడపకుండా దాని మీద మట్టి పోసి రోలర్ నడిపితే పగుళ్లు లోపల పడతాయి, పైకి కనబడవు. నోట్‌లో "కుదించలేం" అన్న మాట అందుకే పెట్టాలి.

డైరెక్టర్ ముందు రెండు దారులు పెట్టండి. ఒకటి, ఈ ఎండాకాలమే కొత్త తూము, 8 లక్షలు, అత్యవసర పద్దు నుంచి. రెండు, కట్ట ముట్టకుండా లోపలి వైపు పగుళ్లు పూడ్చి తలుపు బిగించి ఈ ఏడు గడపడం, వచ్చే వేసవికి అసలు పని. రెండో దారిలో నీరు కొంత కారుతుంది, యాసంగికి ఆయకట్టు అంతటికీ పారకపోవచ్చు. కానీ తెగే భయం తక్కువ.

ఇందులో మీ సిఫారసు ఏదో చెప్పండి. "తమరి నిర్ణయం" అని వదిలేయడం మర్యాదగా కనిపిస్తుంది. కానీ చెరువు దగ్గర ఉన్నది మీరు, హైదరాబాద్‌లో ఉన్నది ఆమె. నేనైతే ఇట్లా రాస్తాను: 14 సాయంత్రానికి అనుమతి వస్తే మొదటి దారి. ఆ తర్వాత వస్తే రెండోదే. ఒక్క రోజు దాటినా కట్ట కోయం.

## 5. రిస్కులు ఒకదాన్నొకటి తింటున్నాయా చూడండి

మూడింటినీ విడివిడిగా రాసి ఊరుకోవడం చాలామంది చేసే పని. మన ఉదాహరణలో తూముకు అనుమతి వస్తే మొదటి రోజుల్లోనే దాదాపు 2 లక్షలు ఖర్చవుతాయి. చేతిలో ఉన్న 9లో 2 పోతే 7. రోజుకు లక్షా నలభై వేల చొప్పున ఐదు రోజులు. డబ్బు అయిపోయేది మే 18న కాదు, మే 16న.

అత్యవసర పద్దులో డబ్బుంది కదా అంటారు. పద్దు ఉండటం వేరు, బ్యాంకులో డబ్బు ఉండటం వేరు. ఆ పద్దు కూడా రెండో విడత వస్తేనే చేతికొస్తుంది.

రెండో విడత రావాలంటే మొదటి విడతకు వినియోగ ధ్రువపత్రం మీద డైరెక్టర్ సంతకం కావాలి. నిధులిచ్చేవారికి అది చేరాక వారం పడుతుందనుకుందాం. 13న సంతకమైతే 20న డబ్బు. 17 నుంచి 20 దాకా నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజుల్లో యంత్రాలు ఆపితే వాటి యజమానులు వేరే పనికి తోలుకుపోతారు, మే నెలలో మళ్లీ దొరకవు. కట్ట కోసి ఉన్నప్పుడు ఆపడం మరీ ప్రమాదం.

కాబట్టి తూముకు "సరే" అనడంలోనే 6 లక్షల తాత్కాలిక సర్దుబాటుకు కూడా "సరే" ఉంది. ఈ ముడి నోట్‌లో స్పష్టంగా కనబడాలి. లేకుంటే మేడమ్ మొదటిదానికి అవునని, రెండోదాన్ని వచ్చే వారం చూద్దామని అంటారు. తప్పు ఆమెది కాదు, విడదీసి రాసిన మీది.

## 6. సున్నితమైన రిస్క్‌ను రాసే పద్ధతి

శిఖం భూమి సంగతి జాగ్రత్తగా రాయాలి. ఒక చెరువులో తూర్పు వైపు తవ్వుతుంటే కొందరు వచ్చి అది తమ పట్టా అన్నారు. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడి దాకా అన్నది రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి సర్వే చేస్తే గాని తేలదు. తేలకముందే తవ్వితే వాళ్లు కోర్టుకు పోయి స్టే తెచ్చుకోవచ్చు. అప్పుడు ఆ వైపు ఒక్కటే కాదు, చెరువు పని మొత్తం ఆగుతుంది.

మీ నోట్ ఎంత దూరం పోతుందో మీకు తెలియదు. మేడమ్ దాన్ని నిధులిచ్చేవారికో, కలెక్టరేట్‌కో అట్లాగే పంపవచ్చు. కాబట్టి:

- కుటుంబాల పేర్లు, సర్వే నంబర్లు నోట్‌లో వద్దు, ఫైల్లో చాలు
- "ఆక్రమణదారులు" అనకండి, అది తేలాల్సిన విషయం. "పట్టా ఉందని చెబుతున్న రైతులు" అనండి
- "తహసీల్దార్ పట్టించుకోవడం లేదు" అనకండి. "ఏప్రిల్ 28న దరఖాస్తు ఇచ్చాం, సర్వే తేదీ ఇంకా రాలేదు" అనండి

చివరి వాక్యంలో నింద లేదు, కానీ విషయమంతా ఉంది. పై అధికారికి లేఖ రాయడానికి డైరెక్టర్‌కు కావాల్సింది కూడా అదే.

దీనికీ గడువు, వెనకదారి ఉండాలి. మే 25 నాటికి సర్వే కాకపోతే తూర్పు వైపు 4,000 క్యూబిక్ మీటర్లు లక్ష్యం నుంచి తీసేస్తాం, యంత్రాలను వేరే చెరువుకు పంపుతాం. ఇట్లా రాస్తే ఆ రిస్క్ చదివేవారిని భయపెట్టదు.

## 7. రాసే క్రమం

నోట్ ఫోన్ తెర మీద రెండు మూడు సార్లు జరిపితే అయిపోవాలి. క్రమం ఇది:

1. విషయం వరుస: ఏం కావాలి, ఎప్పటిలోగా
2. మొదటి పేరా: మొత్తం పరిస్థితి రెండు మూడు వాక్యాల్లో, మీ అంచనాతో
3. మూడు రిస్కులు, నిర్ణయం తేదీ ముందున్నది ముందు
4. కావాల్సినవి ఒకచోట, సంతకానికి సిద్ధంగా
5. డెక్‌లో ఏ స్లైడ్ చూడాలి

రిస్కులను నష్టం పరిమాణం ప్రకారం కాకుండా తేదీ ప్రకారం పేర్చమన్నది నా అలవాటు. చదువుతూ మధ్యలో ఆపినా ముందు చేయాల్సింది కంటబడుతుంది. కింది నమూనాలో డబ్బు గడువు తూము కంటే ఒక రోజు ముందున్నా తూము తర్వాత పెట్టాను, తూము సంగతి చదివితేనే డబ్బు లెక్క అర్థమవుతుంది కాబట్టి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు డెక్‌లో ఉంటే ఉండనివ్వండి. నోట్‌లో వాటి బదులు తేదీ రాయండి.

## 8. పూర్తి నమూనా

> విషయం: మే 14 లోగా నిర్ణయం కావాలి: తూము, రెండో విడత, శిఖం సర్వే (5 చెరువుల ప్రగతి, మే 11 వరకు)
>
> మేడమ్, నమస్తే.
>
> పూడికతీత 55 శాతం అయింది, కాలం సగం గడిచింది. ఈ వేగం నిలిస్తే జూన్ 10 నాటికి పూడిక పూర్తవుతుంది. చెల్లించాల్సిన బిల్లులతో కలిపి ఖర్చు 45 లక్షలు, బడ్జెట్‌లో సగం. పూడిక గురించి నాకు చింత లేదు. కింది మూడింటి గురించి ఉంది.
>
> 1. తూము, మే 14. రెండో చెరువులో పాత తూము గొట్టం పగిలింది. కొత్తది కట్టడానికి 26 రోజులు పడుతుంది, కుదించలేం. మే 15న మొదలైతేనే వానలోపు కట్ట మూయగలం. ఆలస్యమై కట్ట తెరిచి ఉండగా వరద వస్తే కింది పొలాలు మునుగుతాయి. 14 సాయంత్రానికి మీ అనుమతి వస్తే కొత్త తూము కడతాం (8 లక్షలు, అత్యవసర పద్దు). రాకపోతే కట్ట ముట్టం, లోపలి పగుళ్లు మాత్రం పూడ్చి వచ్చే వేసవికి వాయిదా వేస్తాం. మొదటిదే నా సిఫారసు.
>
> 2. డబ్బు, మే 13. చేతిలో 9 లక్షలు ఉన్నాయి, మే 18 దాకా వస్తాయి. తూము మొదలుపెడితే 16 దాకానే. వినియోగ ధ్రువపత్రం జత చేశాను. 13న సంతకమైతే రెండో విడత 20కి వస్తుందని అంచనా. మధ్య నాలుగు రోజులకు సంస్థ సాధారణ నిధి నుంచి 6 లక్షల సర్దుబాటు కావాలి. ఇది కుదరకపోతే తూముకు అనుమతి ఇవ్వవద్దని నా మనవి.
>
> 3. శిఖం సర్వే, మే 25. నాలుగో చెరువు తూర్పు వైపు తమ పట్టా అని కొందరు రైతులు చెబుతున్నారు. అక్కడ తవ్వకం ఆపాం, పడమర వైపు సాగుతోంది. ఉమ్మడి సర్వేకు ఏప్రిల్ 28న దరఖాస్తు ఇచ్చాం, తేదీ ఇంకా రాలేదు. కలెక్టర్ గారికి మీ పేరున లేఖ ముసాయిదా జత చేశాను. 25 నాటికి సర్వే కాకపోతే అక్కడి 4,000 క్యూబిక్ మీటర్లు లక్ష్యం నుంచి తీసేస్తాం.
>
> మీ నుంచి కావాల్సినవి: వినియోగ ధ్రువపత్రంపై సంతకం (13), సర్దుబాటుకు, తూముకు అనుమతి (14), లేఖపై సంతకం (ఈ వారం).
>
> డెక్‌లో 2, 9, 14 స్లైడ్లు చూస్తే చాలు. ఈ రోజు సాయంత్రం ఆరు గంటలకు ఫోన్ చేస్తాను.

"తూముకు అనుమతి ఇవ్వవద్దని నా మనవి" అన్న వాక్యం మీద మా బృందంలో వాదన జరిగింది. మన పనిని మనమే ఎందుకు ఆపుకోవాలని ఇంజినీరు అడిగాడు. డబ్బు లేకుండా కట్ట కోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ వాక్యం ఉంటేనే మేడమ్‌కు రెండు నిర్ణయాలూ ఒకటేనని అర్థమవుతుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

"కొన్ని సవాళ్లు ఎదురవుతున్నాయి" అని రాయడం. ఏ సవాలు, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది లేకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయండి. పేరు పెట్టి చెప్పగలిగితేనే ఉంచండి.

శుభవార్తల కింద రిస్క్‌ను పూడ్చడం. నాలుగు పేరాల విజయాల తర్వాత రిస్క్ వస్తే అది ఎవరికీ కనబడదు. విజయాలకు డెక్‌లో చోటుంది. నోట్‌లో రెండు వాక్యాలు చాలు.

అంతా భయంగా రాయడం. ఇదీ అంతే చెడు. పూడిక పని బాగుందని మొదటి పేరాలో నిజాయితీగా చెప్పినందుకే, కింద మూడింటి గురించి చింత ఉందంటే నమ్ముతారు.

"తగిన చర్యలు తీసుకోగలరు" అని ముగించడం. మన ఆఫీసు భాషలో ఇది పాతుకుపోయింది. చదివినవారికి ఏం చేయాలో తెలియదు. సంతకమా, డబ్బా, లేఖా అన్నది చెప్పండి. లేఖ అయితే ముసాయిదా మీరే రాసి జత చేయండి.

ఇంజినీరుకు చూపించకుండా పంపడం. నేనొకసారి తడిపే రోజులు ఏడని రాశాను. మా ఇంజినీరు చూసి, "సార్, ఈ ఎండకు ఏడు సరిపోవు" అని దిద్దాడు. ఆ మూడు రోజులతో గడువే మారిపోయింది.

## 10. పంపే ముందు, పంపిన తర్వాత

పంపే ముందు:

- నోట్‌ను మీ ఫోన్‌లోనే తెరిచి చదవండి, కంప్యూటర్ మీద కాదు
- ప్రతి రిస్క్‌లో తేదీ, వెనకదారి ఉన్నాయా చూడండి
- జతపరచినవి నిజంగా జతయ్యాయా, తెరుచుకుంటున్నాయా చూడండి
- ప్రాజెక్టు గురించి తెలియని ఒక సహోద్యోగికి చదివించి, "మేడమ్ ఏం చేయాలి?" అని అడగండి. మూడూ చెప్పలేకపోతే మళ్లీ రాయండి

పంపాక అరగంటకు వాట్సాప్‌లో ఒక్క వరుస: "మేడమ్, మెయిల్ పంపాను, 14 లోగా మీ నిర్ణయం కావాలి." రిస్కుల వివరాలు వాట్సాప్‌లో పెట్టకండి. ఏది ఎప్పుడు చెప్పారో తర్వాత దొరకదు.

చెప్పిన సమయానికి ఫోన్ చేయండి. ఆమె ఫోన్‌లో "సరే కానివ్వండి" అంటే, అదే రోజు మెయిల్‌కు జవాబుగా రెండు వాక్యాలు రాయండి: "ఈ రోజు ఫోన్‌లో తూముకు, 6 లక్షల సర్దుబాటుకు మీరు అనుమతి ఇచ్చారు. 15 ఉదయం తూము పని మొదలుపెడుతున్నాం." అనుమతి ఎవరిదో, ఎప్పటిదో ఆ రెండు వాక్యాల్లో నిలిచిపోతుంది.

వచ్చే నోట్‌ను కొత్త రిస్కులతో మొదలుపెట్టకండి. పాత మూడింటికీ ఏమైందో ముందు చెప్పండి. మే 26న పంపే నోట్ మొదటి వాక్యాలు ఇట్లా ఉండవచ్చు: "తూము కాంక్రీటు 23న ముగిసింది, తడపడం నడుస్తోంది, జూన్ 3 నుంచి మట్టి పోస్తాం. రెండో విడత 20న వచ్చింది, 6 లక్షలు తిరిగి జమ చేశాం. సర్వే జరగలేదు, తూర్పు వైపు 4,000 క్యూబిక్ మీటర్లు లక్ష్యం నుంచి తీసేశాం, యంత్రాలు ఐదో చెరువుకు పోయాయి."